బతికున్న పేరంటాలు

తన ఫోటోకి దండ వేసి ఉండడం బాబీ యూట్యూబ్‌లో చూశాడు.

విజయనగరంలో శైలజ ఇంటి వరండా అది. ట్రాన్స్‌జెండర్ల కష్టాల మీద ఇంటర్వ్యూ కావాలని మురళీమోహన్ అనే యూట్యూబ్ ఛానల్ వాడు కెమెరాతో వచ్చాడు. పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని శైలజ కుర్చీలో కూర్చుంది. ఆమెని అక్కా అని పిలిచే బాబీ పక్కన నిలబడ్డాడు. గడ్డం, చెక్స్ చొక్కా, జేబులో ఏసీ మెకానిక్ టెస్టర్.

"అన్నా, కాస్త పక్కకి జరుగు. ఫ్రేములో పడతన్నావు," అన్నాడు మురళీమోహన్. "డ్రైవరా అక్కా?"

శైలజ నవ్వాపుకుంది. "ఔను, మా డ్రైవరే."

బాబీ పక్కకి జరిగాడు. అతనికది అలవాటే. వైజాగ్‌లో డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ముందు గొంతు మారింది, తరవాత గడ్డం వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఛాతీ మీద రెండు గీతలు మిగిలాయి. ఇప్పుడు వీధిలో అతన్ని చూసి ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఏసీ షాపు ఓనరుకి కూడా తెలీదు. తెలిస్తే పని పోతుంది, గది పోతుంది, ఇంకా ఏం పోతుందో ఆలోచించడం అతనికి ఇష్టం లేదు.

ఇంటర్వ్యూ అయ్యాక మురళీమోహన్ తన పనితనం చూపించాలని తను పాతగా తీసిన వీడియో ఒకటి ఫోనులో పెట్టాడు. "ఇది సూడక్కా, ఎంత మంది సూసారో! నీలయ్యపేట పేరంటాలు."

శ్రీకూర్మం దాటి సముద్రం దాకా పోతే నీలయ్యపేట. చేపల వేట మీద బతికే ఊరు. అక్కడ అర్ధాంతరంగా పోయిన ఆడపిల్ల దేవతైపోతుంది. చిన్న గుడి కట్టి, పసుపు రాసి, పేరంటాలని మొక్కుతారు. వీడియోలో ఆ గుడి మధ్యలో ఫోటో, ఫోటోకి చామంతి దండ. జడ, ముక్కుపుడక, భయంభయంగా నవ్వుతున్న పిల్ల. కింద అక్షరాలు: భారతి పేరంటాలు.

పుట్టినప్పుడు బాబీకి పెట్టిన పేరది.

వీడియోలో భారతి పూనిందంటూ దేముడమ్మ అనే ముసలామె జుట్టు విరబోసుకుని ఊగుతోంది. "నా సోటు కాళీగా ఉన్నాది! నా సెల్లిని నా మావకి ఇచ్చీయండి! నేకపోతే గంగలో పడవ నిలవదు!"

గంగంటే వాళ్ళకి సముద్రం. మావ అంటే ధనరాజు, అమ్మకి తమ్ముడు. బాబీని కట్టబెట్టాలని చూసింది ఆయనకే. చెల్లి ఝాన్సీ.

మురళీమోహన్ వెళ్ళిపోయాక శైలజ బాబీ మొహం చూసింది. "ఏటైనాదిరా?"

చెప్పాడు. జుట్టు కత్తిరించుకున్నందుకు గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. ఒక తెల్లవారుజామున ఆ గొళ్ళెం తీసి ఉంది. ఎలా ఊడిందో అతనికి ఇప్పటికీ తెలీదు. పరుగెత్తాడు. పోలీసులు వెతుకుతారని ఏళ్ళ తరబడి భయపడ్డాడు. తనలాంటి స్నేహితుడొకడు అలాగే పారిపోతే, ఆడపిల్ల తప్పిపోయిందని ఇంట్లోవాళ్ళు కేసు పెట్టి, స్టేషన్ నుంచి తీసుకుపోయి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టారు. బాబీ కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. చచ్చిపోయాడనుకున్నారు.

"మమ్మల్ని ఇంట్లోంచి తన్ని తగిలేత్తారు," అంది శైలజ. "రోడ్డు మీద పడతాం. రైల్లో, బజార్లో, టోల్‌గేటు కాడ అందరికీ కనబడతాం. తిట్టినా దండం పెట్టినా మమ్మల్నే. మాకో గురువు, మాకో గుంపు. మిమ్మల్ని ఇంట్లోనే పెట్టి గొళ్ళెం ఏత్తారు. తప్పించుకున్నోడికేమో గడ్డం వొచ్చి జనంలో కలిసిపోతాడు. మరింక కెమెరా వోడికి ఏటి కనబడతాది?"

"కనబడకపోతేనే బతికినానక్కా."

"మరి మీ సెల్లి?"

బాబీ వీడియో మళ్ళీ పెట్టి చూశాడు. పేరంటాలి పండగ శుక్రవారం. ఆ రోజే తాంబూలాలని వీడియోలో చెప్పారు. ఇన్నేళ్ళూ భయపడి చెయ్యని పాత ఇంటి నంబరుకి చేస్తే పలకడం లేదు.

"నేనూ వొత్తాను," అంది శైలజ. "నన్ను సూసినోడు నిన్ను సూడడు."

ఆమె అన్నట్టే జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం ఆటో దిగగానే ఊరు ఊరంతా శైలజ మీద పడింది. పిల్లలు వెంటబడ్డారు. ఆడవాళ్ళు పసిబిడ్డల్ని ఎత్తుకొచ్చి దీవించమన్నారు. వల బాగుచేసుకుంటున్న మగవాళ్ళు ఈలలేశారు. "పిల్లా, మా పడవెక్కుతావేటే?" అన్నాడొకడు. "నీ పడవకి సిల్లు ఉన్నాదంట గదరా, మీ ఆవిడే సెప్పింది!" అంది శైలజ. నవ్వులు. ఆ నవ్వుల వెనక నుంచి బాబీ తన సొంత వీధిలో నడిచిపోయాడు. తనని ఎత్తుకు పెంచిన వాళ్ళ పక్క నుంచి, తనతో గవ్వలేరిన వాళ్ళ పక్క నుంచి. ఒక్క చూపు కూడా తగల్లేదు. గాలి నడిచిపోతే ఎలా ఉంటుందో అలా.

గుడి ఇసకలో ఉంది. సున్నం వాసన, వేపాకు, ఎండుచేపల కంపు. ఫోటో ముందు గాజులు, రవికెల గుడ్డలు, పసుపు ముద్దలు కుప్ప పోశారు. ఏ గాజులు వద్దని ఏడ్చాడో అవే గాజులు. ఎవరో ఒక పిల్ల ఇక్కడ నిజంగా బతికి చచ్చిపోయిందని ఊరంతా నమ్ముతోంది. ఆ పిల్ల ఎప్పుడూ లేదని తెలిసినవాడు తనొక్కడే. అయినా ఫోటోలోని కళ్ళు తన వైపే తిరిగాయేమో అనిపించింది.

డప్పు మొదలైంది. ఒక మూల మురళీమోహన్ కెమెరా పట్టుకుని ఉన్నాడు. దేముడమ్మ ఊగుతోంది. ఆమె ధనరాజుకి పెద్దమ్మ. ఒక పక్క ధనరాజు కొత్త చొక్కాలో నిలబడ్డాడు. ఇంకో పక్క తల వంచుకుని ఝాన్సీ, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని అమ్మ అసిరమ్మ. అమ్మ చిక్కిపోయింది.

దేముడమ్మ కళ్ళు శైలజ మీదుగా జారిపోయి, జనం మధ్యలోంచి సూటిగా బాబీ మీద ఆగాయి. ఊగడం ఆగింది.

"వొచ్చీసినావా?" అంది నెమ్మదిగా.

డప్పు ఆగిపోయింది. ఎవరితో మాట్లాడుతోందా అని జనం వెనక్కి తిరిగారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. బాబీ ముందుకి వచ్చాడు.

"ఈ పెళ్ళి ఆపండి. భారతి సచ్చిపోనేదు. నేనే భారతిని."

ఊరంతా గొల్లున నవ్వింది.

"తాగీసినావేటిరా?" అన్నాడు ఊరి పెద్ద లక్ష్ముడు. శైలజ వైపు చెయ్యి చూపించాడు. "మగోడు ఆడదవడం సూసినాం. అదిగో, ఎదురుగానే ఉన్నాది. ఆడది మగోడవడం ఎక్కడైనా ఉన్నాదేటిరా? గడ్డంతోటీ?"

"ఉన్నాది మావా," అంది శైలజ. "మీరు సూడనేదంతే."

ఎవరూ వినలేదు. బాబీ అమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు ఇసకలో ఉన్నాయి.

"లక్ష్ముడు మావా," అన్నాడు బాబీ. "నీ తెప్ప తిరగబడిన దినం ఒడ్డున నీకు గంజి పోసింది నేను గాదా? ఇంక గంగ మీదకి పోనని నా కాడ ఏడిసినావు. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నావు."

లక్ష్ముడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "అమ్మ... అమ్మ పూనింది! మగోడి మీదకి వొచ్చీసింది తల్లి!"

అంతే. ఊరు మోకాళ్ళ మీద పడింది. ఎవరో అతని నెత్తిన పసుపునీళ్ళు గుమ్మరించారు. ఎవరో చేతిలో వేపమండ పెట్టారు. తను కాదంటున్నాడు, వాళ్ళు మొక్కుతున్నారు. బతికున్నానంటే నవ్విన నోళ్ళే చచ్చానంటే దండం పెడుతున్నాయి. బాబీకి అప్పుడు అర్థమైంది. ఈ ఊరు తన మాట వినాలంటే ఒక్కటే దారి. చచ్చిపోయి మాట్లాడాలి.

కాదనడం మానేశాడు.

"నిజం తల్లైతే కర్పూరం పట్టాల!" అరిచాడు ధనరాజు. పసుపునీళ్ళు కారుతున్న అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించారు. మంట నీలంగా లేచింది. ఝాన్సీ చూస్తోంది. బాబీ చెయ్యి కదపలేదు. చర్మం కాలిన వాసన తన ముక్కుకే తగిలింది.

"సరే," అన్నాడు ధనరాజు. చెమట పట్టింది. "భారతివే అయితే సెప్పు. ఆకరి దినం నీకేటిచ్చినాను?"

"సీరిచ్చినావు మావా. కట్టుకోనన్నాను. ఆ సీరతోనే నన్ను మంచం కోడుకి కట్టినావు. పెళ్ళికి ముందే మొగుడ్ని సూపిత్తాను, అప్పుడు ఆడదానివౌతావన్నావు." బాబీ ఒక అడుగు ముందుకేశాడు. "నీ ఎడం సేతి సొక్కా పైకి లాగు. అందరికీ సూపించు. సొర కరిసిందని సెప్పినావు గదా? అది సొర కాటు గాదు. నా పళ్ళు."

ధనరాజు కుడిచెయ్యి తెలీకుండానే ఎడమ ముంజేతిని కప్పుకుంది. అది చాలు. ఆడవాళ్ళలో గుసగుస పుట్టింది. దేముడమ్మ ఇసకలో కూలబడి నోరు మూసుకుంది.

"నా సెల్లి మీద సెయ్యేస్తే," అన్నాడు బాబీ, "ఈ ఒడ్డున నీ పడవ తేలదు."

ధనరాజు కొత్త చొక్కాతోనే పరుగెత్తాడు. తాంబూలం పళ్ళెం తిరగబడింది.

అమ్మవారు దిగిపోవాలని అందరినీ దూరంగా పంపారు. కాలిన చేతికి పసుపు రాయడానికి పేరంటాలి తల్లి ఒక్కతే గుళ్ళోకి వచ్చింది. అసిరమ్మ అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"గెడ్డం బాగున్నాదిరా," అంది.

బాబీ ఆమె మొహంలోకి చూశాడు. "అమ్మా... నీకు తెలుసా?"

"గొల్లెం నేనే తీసినాను. నువ్వు పోయినాక నీ సున్నీ, సెప్పులు గట్టున నేనే ఏసినాను. మునిగిపోనాదని నేనే ఏడిసినాను." పసుపు రాస్తూనే ఉంది. "తప్పిపోయిన ఆడపిల్లని ఎతుకుతారు. సచ్చినోళ్ళని ఎవులూ ఎతకరు. గుడి వోళ్ళు కట్టీసినారు. ఆ గుడే నా రెండో పిల్ల మెడకి సుట్టుకుంటాదని ఎరగను."

బయట డప్పు మళ్ళీ మొదలైంది. బాబీ తన ఫోను నంబరున్న చీటీ ఆమె కొంగున ముడివేశాడు.

"ఏటేటా రావాలిరా నువ్వు," అంది ఆమె లేస్తూ. "ధనరాజు బయ్యం మళ్ళీ తగ్గుతాది. ఝాన్సీ సదువయ్యేదాకా తల్లి పలకాల."

ఆదివారానికల్లా వీడియో వచ్చేసింది. మురళీమోహన్ తీసిందే. మగాడికి పూనిన పేరంటాలు. ఈసారి ఎవరూ బాబీని పక్కకి జరగమనలేదు. ఫ్రేము నిండా అతని మొహమే. కింద వందలకొద్దీ దండాలు, అమ్మా కాపాడు తల్లీ అంటూ. అంతమంది చూశారు, ఒక్కరికీ అతను కనబడలేదు.

కట్టు కట్టిన చేత్తో కిందికి జరుపుతుంటే ఫోను మోగింది. కొత్త అకౌంట్ నుంచి మెసేజ్. పేరు భారతి. పక్కన ఆ ఫోటోయే, జడా, ముక్కుపుడకా, చామంతి దండా.

చనిపోయిన పిల్ల తనకి మెసేజ్ పెట్టింది. తెరవడానికి వేలు రాలేదు. చివరికి తెరిచాడు.

"సెయ్యి మానిందా అన్నయ్యా? నేను, ఝాన్సీని."