ఎడమవైపు వదిలేసిన ఐదు

ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూంలో లెక్కల లెక్చరర్ హైమావతి పేపర్లు దిద్దుతోంది. లెక్క |2x − 5| < 7. లెక్కలో మొదటి వరుసను అందరూ సరిగ్గానే రాశారు: −7 < 2x − 5 < 7. రెండో వరుస దగ్గరే ఆమెకు ఒళ్లు మండింది. ఐదును మధ్యలోనూ కుడివైపునా కలిపి, ఎడమవైపు వదిలేశారు: −7 < 2x < 12. ముప్పై పేపర్లలోనూ అదే. ఒకరి ఎంగిలి ఒకరు నాకినట్టుంది. వాటిని ముట్టుకోవాలన్నా ఆమెకు అసహ్యం వేసింది.

క్లాసులో ఫస్టు వచ్చే సాయిశ్రీని పిలిపించింది.

“నువ్వు రాసినట్టయితే x మైనస్ రెండు కూడా కావచ్చు. వేసి చూడు, ఎంతొస్తాది?”

“తొమ్మిది, మేడం.”

“తొమ్మిది ఏడు కంటే తక్కువా? ఐదు మూడు చోట్లా కలపాల. అప్పుడు −2 < 2x < 12. x మైనస్ ఒకటికీ ఆరుకీ నడుమ ఉంటాది. సిగ్గు లేకుండా యాడ చూసి రాసినారు?”

సాయిశ్రీ నోట్సు తెరిచి ముందు పెట్టింది. “మీరు బోర్డు మింద ఏసిందే, మేడం.”

అదే లెక్క, అదే వరుస. కింద, చదవకుండా ప్రతి పేజీకీ పెట్టే హైమావతి ఎర్రసిరా సంతకం. పక్కన ‘గుడ్’.