ఒకే గాటన కట్టిన మాటలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పాలిటెక్నిక్‌లో అందరికీ తెలుసు. కానీ కంప్యూటర్ మీద కోప్పడటం నాకూ అదే మొదటిసారి. తెర మీద ఇలా ఉంది: "ఉక్కు కడ్డీలో ఒత్తిడి పెరిగితే ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఒత్తిడి-ఒత్తిడి గ్రాఫ్‌లో కడ్డీ దిగుబడి ఇచ్చే చోటును గమనించండి."

మాది వేల్పూర్. పసుపు పండించే ఇల్లు. దిగుబడి అంటే ఎకరానికి ఎంతో చెప్పగలను గానీ, ఉక్కు కడ్డీ ఎప్పుడు కాపుకొస్తుందో మా బాపుక్కూడా తెలియదు.

"ఏంది సార్ గిది? ఇనుముకు నీళ్లు పెట్టి యూరియా సల్లుదామా?" అన్నాను.

కిషోర్‌బాబు నవ్వాడు. నేనూ అతనూ నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాం. వాళ్ల తాతగారు కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి బోధన్ పక్కకు వచ్చారు. మూడు తరాలైనా వాళ్లింట్లో 'అండి' పోలేదు. "దాని తప్పేముందండీ? ఇంగ్లీషులో ఒకే మాటకి పొలంలో ఒక అర్థం, లోహంలో ఇంకో అర్థం. యంత్రానికి ఎక్కువసార్లు కనపడింది పొలం. అదే వేసింది" అన్నాడు.

విషయం ఏమిటంటే, మా కాలేజీలో మెకానికల్ తెలుగు సెక్షన్ నేను కొట్లాడి పెట్టించింది. నందిపేట్, సిరికొండ, బోధన్ పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ముందు తల దించుకుని కూర్చోవడం చూసి చూసి, విసిగిపోయి పెట్టించాను. పెట్టించాక పుస్తకం లేదు. ఇంగ్లీషు పుస్తకాన్ని యంత్రంతో తెలుగు చేయించి, దిద్ది పంపమని సీట్లు మంజూరు చేసే కమిటీ చెప్పింది. శుక్రవారం సాయంత్రంలోగా పూర్తి పుస్తకం అందితేనే వచ్చే ఏడాది తెలుగు సెక్షన్‌కు సీట్లు. లేకపోతే సెక్షన్ ఈ బ్యాచ్‌తో సరి. మా హెడ్ రాజారాం సార్ ఈ మాట నాకు ఎన్నిసార్లు గుర్తుచేశారో లెక్కలేదు.

పని మొదలుపెట్టాం. లోహాన్ని లాగితే లోపల పుట్టే ఎదురు బలాన్ని, దాని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ప్రతిబలం. పెరిగిన పొడవును అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది వికృతి. యంత్రం రెండింటినీ 'ఒత్తిడి' అని ఒకే గాటన కట్టేసింది. ఏది ఏదో తెలుసుకోవడానికి మేమొక సూత్రం పెట్టుకున్నాం. ప్రతిబలానికి ప్రమాణం ఉంటుంది, చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని. వికృతికి ఉండదు, పొడవును పొడవుతోనే భాగిస్తున్నాం గనుక. అంకె పక్కన న్యూటన్లుంటే ప్రతిబలం, ఏమీ లేకపోతే వికృతి. బాగానే ఉందనిపించింది.

గొడవ దిగుబడి దగ్గర వచ్చింది. కిషోర్‌బాబు "ఈల్డ్ అని తెలుగు లిపిలో వేసేద్దామండీ, గొడవ వదులుద్ది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మాట దొరకనప్పుడల్లా ఇంగ్లీషు మాటనే పెట్టుకుంటూ పోతే ఈ పుస్తకం ఎందుకు?

తేలక, పిల్లల్ని ల్యాబ్‌కు తీసుకెళ్లాం. లాగుడు యంత్రంలో మెత్తని ఉక్కు కడ్డీ బిగించి లాగడం మొదలుపెట్టాను. ఏ మాటా ముందుగా చెప్పలేదు. లోడు చూపే ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట ఆగింది. కొంచెం వెనక్కి జారింది కూడా. కడ్డీ మాత్రం సాగుతూనే ఉంది.

"గిప్పుడేమైంది?" అని అడిగాను.

నందిపేట్ పిల్ల అఖిల ముల్లు వంకే చూస్తూ అంది. "గింతసేపు ఎదిరించింది మేడం. ఇప్పుడు లొంగింది."

కిషోర్‌బాబు నా వైపు చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. 'లొంగుబాటు బిందువు' అని అరచేతిలో రాసుకున్నాడు. అంతకుముందు వదిలేసి ఉంటే ఆ కడ్డీ మళ్లీ మొదటి పొడవుకు వచ్చేది. లొంగాక వదిలినా పూర్తిగా వెనక్కి రాదు. ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాటలో ఆ సంగతంతా ఉంది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సంతోషమే కొంప ముంచింది. మాటలు కుదిరాయి గదా అని కిషోర్‌బాబు కంప్యూటర్‌కు పని అప్పజెప్పాడు. పుస్తకమంతా దిగుబడి తీసి లొంగుబాటు పెట్టు, అంకె పక్కన న్యూటన్లున్న ప్రతి ఒత్తిడీ తీసి ప్రతిబలం పెట్టు, ప్రమాణం లేని అంకె పక్కనైతే వికృతి పెట్టు అన్నాడు. టీ తాగి వచ్చేసరికి పుస్తకం పూర్తయింది. పేజీలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రాజారాం సార్ చూసి "ఇగ పంపుండ్రి మేడం" అన్నారు. ఒక్కసారి పిల్లలకు చూపించి పంపుతానన్నాను. అది నాకు అలవాటు. వండిన కూర ఉప్పు చూడకుండా వడ్డించను.

గురువారం క్లాసులో నాలుగో అధ్యాయం నుంచి ఒక లెక్క ఇచ్చాను. చక్కెర మిల్లు ఆవిరి డ్రమ్ము లెక్క. బోధన్ పిల్లలకు మిల్లు మాట వింటే హుషారు. "డ్రమ్ము లోపల ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు రెండు న్యూటన్లు. వ్యాసం వెయ్యి మిల్లీమీటర్లు. గోడ మందం పది మిల్లీమీటర్లు. గోడలో చుట్టూరా పుట్టే ప్రతిబలం ఎంత?"

నేను వెనక్కి తిరిగి బోర్డు తుడిచేలోపు అందరూ పెన్నులు కింద పెట్టేశారు. అందరి జవాబూ ఒక్కటే. రెండు.

"అందరికి అందరు రెండే ఎట్ల రాసిండ్రు?" కోపం దిగమింగుకుని అడిగాను.

"ప్రతిబలం రెండని మీరే ఇచ్చిండ్రు గద మేడం. మళ్ల గదే అడిగిండ్రు" అంది అఖిల.

"మరి వ్యాసమెందుకిచ్చిండ్రు? మందమెందుకిచ్చిండ్రు?"

"మమ్ముల పరేషాన్ చేసేతందుకు అనుకున్నం" అన్నాడు బోధన్ పిల్లవాడు బంటి. క్లాసంతా నవ్వింది.

నేను నవ్వలేదు. కాగితం మళ్లీ చదివాను. తప్పు పిల్లలది కాదు. డ్రమ్ము లోపల ఉండేది ఆవిరి. ఆవిరి గోడను నెట్టేది పీడనం. ఆ నెట్టుడుకు గోడ లోహంలో పుట్టేది ప్రతిబలం. యంత్రం పీడనాన్ని కూడా ఆ ఒత్తిడి గాటికే కట్టేసింది. పీడనానికీ ప్రతిబలానికీ ప్రమాణం ఒక్కటే కాబట్టి మా సూత్రం దాన్ని పట్టుకోలేకపోయింది. పీడనాన్ని వ్యాసంతో హెచ్చించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే గోడలో ప్రతిబలం వంద. పిల్లలు రాసింది రెండు. ఆ రెండును నమ్మినవాడు డ్రమ్ముకు కాగితమంత రేకు చాలనుకుంటాడు.

ఇంగ్లీషు పుస్తకం ఉంటే వీళ్లకు ఏమీ అర్థమయ్యేది కాదు, కాలేదని వాళ్లకైనా తెలిసేది. నా తెలుగు పుస్తకం చక్కగా అర్థమైంది, తప్పుగా అర్థమైంది. నాకు భయం వేసింది.

స్టాఫ్ రూముకు వెళ్లి కిషోర్‌బాబు ముందు ఆ కాగితాలన్నీ పెట్టాను. తిట్టడానికే వెళ్లాను. అతను ఒక్కొక్కటీ తిరగేశాడు. రెండు, రెండు, రెండు. ముఖం పాలిపోయింది.

"పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికేసిందండీ. కంప్యూటర్‌ని అనడానికేముంది, ఇచ్చింది నేనేగా" అన్నాడు.

"ఆ సూత్రం నాది గూడ" అన్నాను.

మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి తెలుగు పేజీలు ముట్టుకోలేదు. ఎందుకంటే మూడు మాటలు ఒక్కటయ్యాక తెలుగు చూసి వేరుచేయడం ఎవరి తరమూ కాదు. ఇంగ్లీషు పేజీ దగ్గర కూర్చుని, వాక్యం వాక్యానికీ ఇదేమిటని అడిగాం. బయటి నుంచి నెట్టేదా, లోహం లోపల పుట్టేదా, పొడవులో వచ్చిన తేడానా? ఒక్కోదానికి ఒక్కో రంగు పూశాం. ఆ తర్వాతే తెలుగు మాట పెట్టాం. ఐదో అధ్యాయంలో చెరకు దిగుబడి గురించి ఒక వాక్యం ఉంది. దాన్ని కూడా కంప్యూటర్ 'చెరకు లొంగుబాటు' చేసింది. దాన్ని మళ్లీ దిగుబడి చేశాం. ప్రతి అధ్యాయం కాగానే పిల్లలకు ఇచ్చాం. ఇంగ్లీషు చూడకుండా తెలుగులోనే లెక్క చేయాలి. జవాబు తప్పితే ముందు మాటను అనుమానించాలి, తర్వాతే పిల్లల్ని.

ఇలా చేస్తే పని నత్తనడకే. శుక్రవారం మధ్యాహ్నానికి ఐదు అధ్యాయాలు తేలాయి. మూడు మిగిలాయి.

రాజారాం సార్ తలుపు దగ్గరే నిలబడి చెప్పారు. ఆయన మంచివారే, సెక్షన్ నిలవాలనే ఆయన తాపత్రయం. "మేడం, పాతది పంపుండ్రి. ఎవ్వలు సదువుతరు? సీట్లు వచ్చినంక నిమ్మలంగ దిద్దుకుందాం. పుస్తకం కోసం సెక్షన్ పోగొట్టుకుంటమా?"

నా చేయి నిజంగానే మౌసు మీదికి పోయింది. ఒక్క నొక్కు నొక్కితే నా సెక్షన్ బతుకుతుంది. కిషోర్‌బాబు పక్కనే ఉన్నాడు. వేగం అంటే ప్రాణమిచ్చే మనిషి. "వద్దండీ. ఆ రెండ్లు నా కళ్ల ముందు నుంచి పోవట్లేదు" అన్నాడు.

ఐదు అధ్యాయాలే పంపాను. మిగతావి సరిచూడలేదని, సరిచూడనిది పంపలేనని రాశాను. పంపాక బాత్రూమ్‌కు వెళ్లి కాసేపు ఏడ్చాను.

జవాబు త్వరగానే వచ్చింది, మర్యాదగానే వచ్చింది. పుస్తకం అసంపూర్తి, వచ్చే ఏడాదికి తెలుగు సెక్షన్‌కు సీట్లు ఇవ్వలేము. వాళ్లను తప్పుపట్టలేను. గడువు గడువే.

క్లాసుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "మీకు జూనియర్లు రారు. ఈ సెక్షన్ మీతోనే ఆఖరు." అఖిల తల దించుకుంది. నాకప్పుడు గుర్తొచ్చింది. దాని చెల్లె గంగమణి పదో తరగతి పాసయింది. వచ్చే ఏడు ఇక్కడే, ఈ సెక్షన్‌లోనే చేరుతుందని మొన్ననే మురిసిపోతూ చెప్పింది.

"అఖిలా, మీ చెల్లె..." అన్నాను. ఆ పిల్ల సీటును నా చేతులతో నేనే తీసేశాను కదా.

అఖిల లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంది. "మా చెల్లె ఇంగ్లీషు సెక్షన్ల చేరుతది మేడం. పరీక్ష ఇంగ్లీషుల రాస్తది. కానీ ఇంట్ల కూసొని సదివేది గీ పుస్తకమే. అందుకే గిండ్ల తప్పుండొద్దు." నా బల్ల దగ్గరికి వచ్చి చేయి చాపింది. "మూడు మిగిలినయన్నరు గద. ఆరోది ఇయ్యుండ్రి."

నేను సంచిలోంచి ఆరో అధ్యాయం తీసి ఇచ్చాను. అందరూ బెంచీలు దగ్గరికి జరుపుకున్నారు.