చుక్కలు పడని గడప

గోపన్న అప్పుడప్పుడు నేలలోకి దిగిపోతున్నాడు. ఆ అప్పుడప్పుడే మధులత ప్రాణం తీస్తోంది. ప్రతిసారీ దిగిపోతే పూటలో పట్టేసేది. అసలు దిగకపోతే గొడవే లేదు. పదిసార్లు ఆడితే రెండుసార్లు, అదీ బెంగళూరులో ఆడితేనే దిగిపోయే మనిషిని కడపలో కూర్చుని పట్టుకోవడం ఎలా?

గోపన్న మనిషి కాదులెండి, ఆటలో బొమ్మ. ఫోన్లో ఆడే ఆట. తాత కట్టించిన పాత ఇంట్లో గదిగదీ తిరిగి, తాత దాచిపెట్టిన వస్తువులు వెతకాలి. ఆటకు కథ ఆమెతో కలిసి పనిచేసే భూపేష్‌ది. నడక, నేల, గోడ, మెట్టు, తలుపు మాత్రం అన్నీ మధులత చేతి పని. రెండేళ్ల పని. వేంపల్లెలో వాళ్ల అమ్మమ్మగారింటి గోడలకు టేపు పెట్టి కొలిచి మరీ ఆ ఇంటిని, ఆటలు తయారుచేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టింది. అడుగులు పొడుగ్గా వేసే గోపన్న నడక కూడా వాళ్ల మేనమామదే. ఆ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

సోమవారం పొద్దున బెంగళూరు నుంచి రమణి ఫోన్ చేసింది. ఆటను విడుదల చేసే కంపెనీ తరఫున పని చూసుకునేది ఆవిడే. మర్యాదగానే మాట్లాడింది. శుక్రవారానికి గోపన్న పడడం ఆగాలి, ఆగకపోతే నడక పని మొత్తం తమ దగ్గరి టీముకు ఇచ్చేస్తాం, కడపవాళ్లు బొమ్మలు గీసి పంపితే చాలు అంది. అలాగే అని మధులత ఫోన్ పెట్టేసింది. గోపన్నను ఇంకొకరెవరో నడిపిస్తారన్న మాట మింగుడు పడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా, అయితే భూపేష్ ఎదురుగా ఉన్నాడని కళ్లజోడు తుడుచుకునే వంక పెట్టుకుంది.

"ఏడ్చేది శుక్రవారానికి పెట్టుకుందాంలేమ్మా. అంతలోపల దొరికితే దొరుకుతాది," అన్నాడు భూపేష్. కళ్లజోడు వంక అతనికి కొత్త కాదు.

వాళ్ల ఆఫీసు కడపలో భూపేష్ ఇంటి మిద్దె మీద రెండు గదులు. కింద వాళ్లమ్మ కృష్ణవేణమ్మ ఉంటుంది. కమలాపురంలో నలభై ఎకరాల సేద్యాన్ని నోటితో నడిపిన మనిషి. ఇప్పుడు ఆ నోటికి మిద్దె మీద ఉన్న ఇద్దరే మిగిలారు. మధ్యాహ్నం అన్నానికి కిందికి దిగడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే వాళ్లకు అక్షింతలు తప్పవు.

రమణి రెండు వీడియోలు పంపింది. రెండూ పడిపోయే రెండు క్షణాలే. ఒకదాంట్లో వంటింటి వాకిట్లో, ఇంకోదాంట్లో నడిమింటి వాకిట్లో గోపన్న బండలోకి దిగి కనపడకుండా పోయాడు. ఇల్లంతా అలాగే ఉంది, మనిషే లేడు.

యూనిటీలో కంటికి కనిపించే నేల వేరు, కాలిని ఆపే నేల వేరు. ఆ రెండోదాన్ని కొలైడర్ అంటారు. అది కనపడదు, ఉందా లేదా అని కాలు పెట్టి చూసుకోవాల్సిందే. మనిషి మరీ వేగంగా పోతే, అతను ఎక్కడున్నాడో ఫోన్ వేసుకునే ఒక లెక్కకూ ఇంకో లెక్కకూ మధ్యలో పలచటి కొలైడర్‌ను దాటేసి అవతల తేలతాడు. తాకినట్టు ఎవరికీ తెలియదు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా ముందు దీని మీదికే అనుమానం పోతుంది. మధులతకూ పోయింది. నడకను, తెర మారినప్పుడల్లా నడిచే అప్‌డేట్ నుంచి తీసి, ఫిజిక్స్ లెక్కలు జరిగే ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో పెట్టింది. తాకిడిని చూసే పద్ధతిని ఆగి ఆగి చూసే డిస్క్రీట్ నుంచి ఎడతెగకుండా చూసే కంటిన్యూయస్‌కు మార్చింది. పలచటి నేల తీసేసి అడుగు మందాన పెట్టెలు పరిచింది. ఆ తర్వాత ఫోన్ చేతబట్టుకుని వంటింటి వాకిట్లోంచి గోపన్నను లోపలికీ బయటికీ పరుగులు పెట్టించింది. రెండు వందలసార్లు. పాపం గోపన్నకు ఆయాసం రాదు కాబట్టి సరిపోయింది. ఒక్కసారి కూడా పడలేదు.

మంగళవారం ఆ కొత్త కూర్పు బెంగళూరు వెళ్లింది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. పదికి రెండుసార్లు పడుతున్నాడు, ఎప్పటిలాగే.

వేగం వల్లే అయితే పరుగెత్తించే తన దగ్గర పడాలి గదా, తాపీగా ఆడే వాళ్ల దగ్గర ఎందుకు పడతాడు? ఈ ప్రశ్న బుధవారం పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. తాను ఎలా ఆడాలో ముందే అనుకుని ఆడుతోంది. ఏమీ తెలియనివాళ్లు ఆడితే చూడాలి. గోపన్న అర క్షణం కంటే ఎక్కువసేపు ఎక్కడ ఆగితే అక్కడ ఇంటి పటం మీద ఒక చుక్క పడేలా నాలుగు వరుసలు రాసింది. ఆరు పాత ఫోన్లలో ఆటను ఎక్కించింది. వీధి మొదట్లో బట్టలు కుట్టే సుబ్బయ్యకు ఒకటి, అతని దగ్గరికి జాకెట్ల కోసం వచ్చిన ఇద్దరాడవాళ్లకు రెండు, ఎదురింటి శ్రావణికి ఒకటి, ఇంకెవరూ దొరక్క భూపేష్‌కు ఒకటి ఇచ్చింది. ఆరోది కృష్ణవేణమ్మ లాక్కుంది.

గంటసేపు ఆడారు. సుబ్బయ్య గోపన్నను దొడ్లోనే తిప్పాడు. కృష్ణవేణమ్మ మాత్రం వంటింట్లోకి పోయి గూట్లో డబ్బాలన్నీ తెరిపించి, ఈ ఇంట్లో చింతపండు యాడ పెట్టుకుంటారని నిలదీసింది. ఆరుగురి దగ్గరా గోపన్న నిక్షేపంగా ఉన్నాడు.

మధులత ఆరు ఫోన్ల చుక్కలనూ ఒకే పటం మీద పరిచింది. వంటిల్లు నిండా చుక్కలు, నడిమిల్లు నిండా చుక్కలు, దొడ్డి చెప్పనే అక్కర్లేదు. కానీ ప్రతి వాకిట్లోనూ ఒక తెల్లటి పట్టీ ఉంది. తొమ్మిది వాకిళ్లు, తొమ్మిది పట్టీలు. ఎవరో రబ్బరుతో తుడిచినట్టు ఒక్క చుక్కా లేదు. ముందు తన కోడ్‌లోనే ఏదో తప్పు జరిగిందనుకుని వరుసలన్నీ మళ్లీ చదివింది. తప్పేమీ లేదు.

"పెద్దమ్మా, ఈ వాకిట్లో మీరు ఒక్కసారి గూడా ఆగలేదే," అని పటం చూపించింది.

కృష్ణవేణమ్మ కళ్లు చిట్లించి చూసి, "అది గడప గదమ్మా. పసుపు గూడా నువ్వే పూస్తివి. గడప మీద ఎవురన్నా నిలబడ్తారా?" అంది.

మధులత రెండు వందలసార్లు ఆ గడప దాటించింది, ఒక్కసారి కూడా దాని మీద ఆపలేదు. ఆపకూడదని అనుకోలేదు, ఆపాలన్న ఆలోచనే రాలేదు. నడక వచ్చినప్పటి నుంచి గడప మీద నిలబడిన ప్రతిసారీ వీపు మీద పడిన దెబ్బలు బొటనవేలి దాకా దిగిపోయి ఉన్నాయి. బెంగళూరులో ఆడే పిల్లలు ఫ్లాట్లలో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లకు హాలుకూ వంటింటికీ మధ్య నున్నటి టైలు తప్ప మరొకటి తెలియదు. వాకిట్లో ఆగుతారు, లోపలికి తొంగి చూస్తారు, మెసేజ్ వస్తే అక్కడే నిలబడి చదువుకుంటారు.

ఫోన్ తీసుకుంది. గోపన్నను నడిమింట్లోంచి వంటింటి గడప మీదికి తెచ్చి ఆపబోయింది. బొటనవేలు దానంతటదే ముందుకు నెట్టేసింది. నవ్వొచ్చింది. మళ్లీ వెనక్కి తెచ్చి, ఈసారి వేలు తీసేసి, చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత గోపన్న బండలోకి దిగిపోయాడు.

"పడ్డాడు," అంది మధులత. రెండేళ్లలో అంత సంతోషంగా ఆ మాట అనలేదు.

"మరి పడడా? గడప మీద నిలబడితే," అంది కృష్ణవేణమ్మ. ఆవిడకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

కారణం ఆ తర్వాత పావుగంటలో దొరికింది. చిన్న ఫోన్లకు బరువు కాకూడదని మధులత ఏ గది కొలైడర్లను ఆ గదికి విడిగా పెట్టింది. మనిషి వాకిలి దగ్గరికి రాగానే అవతలి గదివి లోడవుతాయి. మనిషి ఒక గదిని వదలగానే ఆ గదివి ఆట తీసేస్తుంది. వదిలాడా లేదా అని చూడడానికి ప్రతి గదికీ ఒక కనపడని ట్రిగ్గర్ పెట్టె గీసింది, గోడ నుంచి గోడ వరకు. అయితే అమ్మమ్మగారి గోడలు మూడడుగుల మందం. గోపన్న అడ్డంగా రెండడుగుల లోపు మనిషి. గడప మీద నిలబడితే ఈ గదిలోనూ లేడు, ఆ గదిలోనూ లేడు. గడప బండ ఏమో బయటి గది లెక్కలో ఉంది. బయటి గదిని వదిలాడు గనక దాని కొలైడర్లతో పాటు గడపదీ పోతుంది, కంటికి కనిపించే బండ మాత్రం ఉంటుంది. తీసేయడానికి ఫోన్‌ను బట్టి అర క్షణమో క్షణమో పడుతుంది. ఆలోపు దాటిపోయేవాడు బతికిపోతాడు, ఆగినవాడు దిగిపోతాడు. లోపల్నుంచి బయటికి వచ్చేటప్పుడైతే గడప బండ బయటి గదితో పాటు అప్పటికే లోడై ఉంటుంది గనక ఎంతసేపు నిలబడినా ఏమీ కాదు. అందుకే అది అప్పుడప్పుడు అయింది.

తీరా చూస్తే గంట పని. తొమ్మిది గడపల కొలైడర్లనూ గదుల లెక్క నుంచి తీసి, ఎప్పుడూ ఉండే నేలలో పెట్టింది. కొత్త గదిలో అడుగు పెట్టాకే పాత గదిని వదిలేలా మార్చింది. గురువారమంతా ఆరు ఫోన్లలోనూ గడపల మీద గోపన్నను నిలబెట్టి ఉంచింది. భూపేష్ అటూ ఇటూ పోతూ ఒక్కోసారి చూడలేక ముందుకు జరిపేసేవాడు. ఊరుకో అన్నా అని మళ్లీ వెనక్కి తెచ్చేది. సాయంత్రం పంపేముందు ఆటకు ఇంకో చిన్న పని తగిలించింది. దానికోసం ఫ్యాను ఆపి, కృష్ణవేణమ్మను ఫోన్ ఎదురుగా కూర్చోబెట్టాల్సి వచ్చింది.

శుక్రవారం పన్నెండింటికి రమణి ఫోన్ వచ్చింది. మధులత స్పీకర్ పెట్టింది. భూపేష్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, అన్నానికి పిలవడానికి వచ్చిన కృష్ణవేణమ్మ అక్కడే ఆగింది. ఎనిమిది ఫోన్లలో నూట ఇరవై సార్లు ఆడించామని, ఒక్కసారి కూడా పడలేదని రమణి చెప్పింది. నడక పని మీ దగ్గరే ఉంటుందని కూడా అంది. మధులత ఈసారి కళ్లజోడు తీయలేదు, నీళ్లు వచ్చినా రానిచ్చింది.

"కానీ ఒకటి అడగాలి. గడప మీద మూడు క్షణాలు నిలబడితే లోపల్నుంచి ఒక పెద్దావిడ తిడుతున్నారు. అది బగ్గా?" అంది రమణి.

"బగ్గు కాదండి. మా ఇండ్లల్లో ఉండేదే," అంది మధులత.

రమణి నవ్వింది. తీసేయొద్దని, తమ దగ్గర ఆడి చూసే పిల్లలు వస్తువులు వెతకడం మానేసి తిట్టించుకోవడానికి గడపల మీదే నిలబడుతున్నారని చెప్పి ఫోన్ పెట్టేసింది.

కృష్ణవేణమ్మ మొహం గంభీరమైంది.

"ఒగ తిట్టుతో దిగల్యా? అట్లయితే చాలదు," అంటూ పోయి ఫ్యాను ఆపి, ఫోన్ ఎదురుగా కూర్చుంది. "పెట్టమ్మా, ఇంగో నాలుగు చెప్తా."