పక్కచూపులావిడ

"నాలుగో పేరా, మూడో వరుస. రోజుకు రెండు మాత్రలు, భోజనం తర్వాత," అని చదివి కామా మాస్టారు తలెత్తాడు. మందు పెట్టెల్లో మడతపెట్టి ఉంచే కాగితాలను అచ్చుకు ముందు దిద్దడం ఆయన ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, కిటికీకి వీపు పెట్టి. ఒక్క కామా కోసం ఎంతటివాళ్ళతోనైనా కయ్యానికి దిగుతాడు గనుక ఆఫీసులో ఆ పేరే స్థిరపడింది.

వీడియో కాల్‌లో, వేరే ఊళ్ళో ఉన్న రెండో ఆఫీసు ఆవిడ తన దగ్గరున్న అసలు ప్రతితో సరిచూసుకుని, కాస్త ఆలస్యంగా "సరేనండి" అంది. చూపు మాత్రం ఎప్పటిలాగే ఎడమవైపు ఎక్కడో ఉంది.

ఏడాదిగా ఇదే వరస. మాస్టారు మాత్రం శిక్షణలో నేర్పినట్టు, వరుస చదవగానే ల్యాప్‌టాప్ పైనున్న కెమెరా చుక్కలోకే చూసేవాడు. అలా చూస్తే అవతలివాళ్ళకి కళ్ళలోకి చూసినట్టు ఉంటుందట. ఈవిడకి ఆపాటి మర్యాద కూడా తెలియదా అని లోలోపల ఉడికిపోయేవాడు. పైగా ఓసారి, "కాస్త వెలుతురు వైపు తిరిగి కూర్చుంటారా?" అని అడిగింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

"నా మొహంతో మీకేం పనండీ," అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

పోయినవారం పై అధికారిణికి ఉత్తరం రాశాడు. ఆవిడకి పని మీద ధ్యాస లేదు, మందు కాగితంలో తప్పు దొర్లితే రోగి ప్రాణం మీదికి వస్తుంది అని. కామాలన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు.

ఇవాళ ఆఖరి వరుస అయ్యాక ఆవిడ కాగితాలు సర్దుకుంది.

"రేపట్నుంచి ఇంకొకరొస్తారండి. నన్ను తప్పించారు."

"అయ్యో, ఎందుకట?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"ధ్యాస లేదని ఎవరో రాశారట. నాకు చెవులు బాగా మందమండి. మీ పెదాలు చూసి మాట పోల్చుకుంటాను. ల్యాప్‌టాప్‌లో మీరు వేలెడంతే కనబడతారని పక్కనున్న పెద్ద తెర మీద పెట్టుకున్నాను. కెమెరా మాత్రం ల్యాప్‌టాప్‌దే. మిమ్మల్నే చూస్తుండేదాన్నండి. వినబడదని చెబితే పని ఇవ్వరేమోనని భయపడ్డాను."

మాస్టారి మొహం సిగ్గుతో భగ్గుమంది. ఏడాదిలో మొదటిసారి ఆయన చూపు చుక్క మీంచి ఆవిడ మొహం మీదికి దిగి నిలిచింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడాదంతా తన పెదాలకు కాపలా కాసిన కళ్ళు. వాటిని ఆయన ఒక్కనాడూ సరిగా చూడలేదు. ఛీ, నాదీ ఒక దిద్దుబాటేనా అనుకున్నాడు.

ఆవిడ, "ఉంటానండి," అని లేచి, సంచి కోసం అటు తిరిగింది.

"అది రాసింది నేనేనమ్మా. క్షమించండి," అన్నాడు మాస్టారు, గట్టిగా.

ఆవిడ ఇటు తిరగలేదు. సంచి భుజాన వేసుకుంది. తెర ఆపడం మరిచిపోయి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

కాల్ కట్ చేసే బొత్తాము మీదికి ఆయన వేలు వెళ్ళలేదు. అవతలి గదిలో కుర్చీ వీపుకు బూడిదరంగు స్వెట్టరొకటి వేలాడుతోంది, ఒక చెయ్యి లోపలికి తిరగబడి.