రఫ్ కాగితాల వెనకవైపు

అందరూ పిచిక అని పిలిచే పిల్ల ప్రగతి కార్డు మీద టీచరు రాసింది ఒక్కటే వాక్యం: గీతలే గీస్తోంది, అక్షరాలు ఇంకా రాలేదు. ఇరవై మంది పిల్లల కార్డులు ఒకే సాయంత్రం కూర్చుని రాస్తే వాక్యాలు అలాగే వస్తాయి. అందులో అబద్ధమేమీ లేదనే అనుకుంది.

కార్డు ఇంటికి వెళ్లిన రెండు వారాలకు పిచిక వాళ్ల నాన్న బడికి వచ్చాడు. ఆయనకు రెండు వీధుల అవతల మందుల కొట్టుంది. కార్డు చూసిన రోజు నుంచీ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, చుక్కల మీద అక్షరాలు దిద్దిస్తున్నాడట. రెండు రోజులు ఏడ్చిందట. మూడో రోజు ఏడుపు మానేసి, పెన్సిలు ముట్టుకోవడమే మానేసిందట. నాలుగేళ్ల పిల్లకు ఒక్క అక్షరం రాకపోతే వచ్చే నెల నుంచి మూడేళ్ల వాళ్ల గదిలో కూర్చోబెట్టండి, అక్కడే మొదటి నుంచి మొదలుపెడుతుంది అన్నాడు. శనివారం తల్లిదండ్రులు వచ్చినప్పుడు తేలుద్దామని పెద్ద మేడమ్ ఆయన్ని పంపించింది.

ఆయన వెళ్లాక టీచరుకు మనసు మనసులో లేదు. నిజమే, పది రోజులుగా పిచిక బల్ల కింద చేతులు పెట్టుకుని కూర్చుంటోంది. రంగు పెన్సిళ్ల డబ్బా ముందుకు జరిపితే తల తిప్పుకుంటోంది. జలుబు చేసిందేమో అనుకుని ఊరుకుంది తను. ఇప్పుడు ఈ పిల్లను కిందికి దించితే, గీతలు గీయడమే తప్పు అని ఖాయం చేసుకుంటుంది.

శుక్రవారం పిల్లలు వెళ్లిపోయాక ఆమె పిచిక ఫైలు తీసింది. అందులో రంగులు నింపిన ఇల్లు, అంటించిన పూలు, కత్తిరించిన చేప. అన్నీ ముచ్చటగానే ఉన్నాయి, కానీ ఒక్కటీ ఏమీ చెప్పడం లేదు.

"మిగతావేం చేశాం ఆయమ్మా?"

"మీరేగా అందమైనవి ఫైల్లో పెట్టి, పిచ్చిగీతలు రఫ్ కట్టలో వెయ్యమన్నారు," అంది ఆయమ్మ. "వెనకవైపు వాడుకోవచ్చని దాచాను."

కట్ట మోకాలెత్తు ఉంది. ఆయమ్మ రోజూ పొద్దున కాగితాలు పంచేముందు ప్రతిదాని మూలన తేదీ ముద్ర కొట్టి, పిల్లల నంబరు వేస్తుంది. పిచికది పద్నాలుగు. ఇద్దరూ నేల మీద కూర్చుని పద్నాలుగులన్నీ ఏరి, తేదీల వారీగా పరిచారు.

బడి తెరిచిన మొదటి వారాల కాగితాల మీద పెద్దపెద్ద అడ్డగీతలు. భుజం దగ్గర నుంచి చెయ్యంతా ఊపి గీసినవి, కాగితం దాటి బల్ల మీదికి పోయినవి. తర్వాత అవి చిన్నవై కాగితంలోనే ఆగాయి. ఊపు మోచేతికి దిగింది. ఆపైన సుడులు, సుడుల మీద సుడులు. నెల తర్వాత ఒకే ఒక్క గుండ్రం, మొదలైన చోటికే వచ్చి మూసుకుంది. టీచరు ఆ గుండ్రం వెంట తన వేలు తిప్పి చూసింది. బయల్దేరిన చోటికే తిరిగి రమ్మని చేతికి చెప్పడం చిన్న పని కాదు. నడుమ ఒకటి రెండు రోజులు మళ్లీ పాత అడ్డగీతలే ఉన్నాయి. ఆ వారం లావు మైనపు రంగులు కొత్తగా ఇచ్చారు. కొత్త వస్తువు చేతికొస్తే ఎవరైనా ఒక మెట్టు దిగి చూసుకుంటారు.

తర్వాత గుండ్రానికి కళ్లు వచ్చాయి, తలలోంచే కాళ్లు వచ్చాయి. ఆ మనిషి కింద, ఇంకో రంగుతో, ఎడమ నుంచి కుడికి ఒక అలల గీత.

"ఇది బొమ్మ. ఇది రాత. రెండూ వేరని తెలిసింది దీనికి," అంది టీచరు.

ఇంకో నెలకు అల తెగింది. విడివిడిగా చిన్న చిన్న గుండ్రాలు, వరసగా. ఒక్కటీ అక్షరం కాదు, కానీ ప్రతిదాని నెత్తినా తలకట్టు లాంటి టిక్కు ఉంది. మన రాత ఎలా ఉంటుందో ఆ పిల్ల చూసి పట్టుకుంది. ఇక చివరి కాగితాల్లో ఒకదాని మీద, ఆ గుండ్రాల మధ్య, పిచిక అసలు పేరులోని మొదటి అక్షరం రెండుసార్లు ఉంది. ఒకటి సరిగ్గా, ఇంకొకటి అద్దంలో చూసినట్టు తిరగబడి. తేదీ చూస్తే, అక్షరాలు ఇంకా రాలేదని తను రాయడానికి నాలుగు రోజుల ముందుది.

టీచరుకు తల కొట్టేసినట్టయింది.

"పిల్ల మెట్లెక్కుతుంటే మనం కింద చెప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నామమ్మా," అంది ఆయమ్మ.

శనివారం పొద్దున టీచరు ఆ కాగితాలను వరండా గోడ పొడవునా అంటించింది. పిచికతో పాటు నాన్న, నాయనమ్మ వచ్చారు. కార్డు మీద నేను రాసింది తప్పు అని ముందే చెప్పేసి, మొదటి కాగితం నుంచి ఒక్కొక్కటే చూపిస్తూ నడిపించింది. ఏ గీతలో చెయ్యి ఏం నేర్చుకుందో, ఏ గీతలో కన్ను ఏం పట్టుకుందో చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. అంతా బాగానే ఉంది గానీ, ఇందులో చదవడానికి ఏమీ లేదుగా, కోడి కెలికినట్టుంది అన్నాడు.

"డాక్టర్ల కోడిగెలుకుళ్లు రోజుకి వంద చదువుతావు," అంది నాయనమ్మ. "కన్నకూతురిది చదవలేవూ?"

గుండ్రాల వరసలున్న కాగితం ముందు టీచరు పిచిక పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఇదేంటి అని అడగలేదు. అలా అడిగితే సరైన జవాబు ఒకటుందని పిల్లలకు భయం. "ఇక్కడ మొదలుపెట్టి అక్కడి దాకా వరస తప్పకుండా వచ్చావు. దీని గురించి చెప్పవూ?" అంది.

పిచిక చేతులు వెనక్కి పెట్టుకుంది. నాన్న ఏదో అనబోతే నాయనమ్మ ఆయన మోచెయ్యి గిల్లింది. చాలాసేపటికి ఒక వేలు బయటికొచ్చి ఎడమ చివర ఆగింది.

"పొద్దున ఒకటి," అంటూ వేలు కదిలింది. "అన్నం తిన్నాక ఒకటి." కింది వరసకు దిగి మళ్లీ ఎడమ నుంచి మొదలైంది. "నీళ్లు బాగా తాగాలి. తగ్గకపోతే సోమవారం రండి."

అది కొట్లో ఆయన రోజంతా అనే మాట, ఆయన గొంతుతోనే. కట్టుకున్న చేతులు విడిపోయాయి. కూతురి ఎత్తుకు వంగి కూర్చున్నాడు.

"ఎవరికి తల్లీ ఈ మందు?"

"నీకే. ఊరికే అరుస్తున్నావుగా."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత నవ్వు ఆగక భుజాలు కదిలాయి. "మరి ఇంకో చీటీ రాస్తావా, అరవనివాడికి?" అన్నాడు.

టీచరు తెచ్చిపెట్టిన రంగు పెన్సిళ్ల డబ్బాలోంచి పిచిక నీలం పెన్సిలు తనే తీసుకుంది. వరండా నేల మీద బోర్లా పడుకుని, ఆయమ్మ ఇచ్చిన రఫ్ కాగితం వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. అలవాటు చొప్పున ఆయన చెయ్యి దాని చేతి మీదికి సాగింది. సగం దూరంలో ఆగి, జేబులోకి వెళ్లిపోయింది.

పెద్ద మేడమ్ పిచికను అదే తరగతిలో ఉంచింది. టీచరు అక్కడికక్కడే కొత్త కార్డు రాసింది: "బొమ్మకూ రాతకూ తేడా తెలిసింది. ఎడమ నుంచి కుడికి వరసగా రాస్తోంది. తన పేరులోని మొదటి అక్షరం రాసింది. అది ఒక్కోసారి తిరగబడుతుంది, ఈ వయసులో మామూలే. ఇంట్లో మీరు సరుకుల చీటీ రాసేటప్పుడు తనకూ ఒక కాగితం ఇవ్వండి. రాశాక చదివి వినిపించమనండి."

ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

అప్పటికి వరండా నిండా మిగతా తల్లిదండ్రులు గోడకు ముఖాలు దగ్గరగా పెట్టి చూస్తూ నిలబడ్డారు. మా వాడివి కూడా ఇలా ఉన్నాయా అని ఒకావిడ అడిగింది. ఉన్నాయి, అందరివీ ఉన్నాయి, ముందు ఆ పాత కార్డులు నాకు తిరిగి ఇచ్చేయండి అంది టీచరు. ఆయమ్మ మిగిలిన కట్ట రెండు చేతులా మోసుకొచ్చి, ఒకటో నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి రెండు గోడలూ నిండిపోయి కాగితాలు గేటు దాకా పాకాయి. పెద్దవాళ్లంతా తమ పిల్లల గీతల వెంట, ఎడమ నుంచి కుడికి, మెల్లగా నడుస్తున్నారు.