చివరి పేజీలో పందొమ్మిది మార్కులు

వరూధినికి చీటీలు రాసే జబ్బు ఉంది. కన్నడ సీమలోని బొమ్మసంద్రలో తన ఇంటి ముందుగదిలోనే ట్యూషన్ చెబుతుంది. పిల్లలు రాసిన ప్రతి పరీక్ష కాగితానికీ ఒక చీటీ పిన్ను చేసి ఇస్తుంది: ఎక్కడ బాగా చేశారో, మార్కులు ఎక్కడ పోయాయో, ఇకపై ఏం చేయాలో. మంచి అలవాటే, ఎవరు కాదంటారు! కానీ పదో తరగతి చైత్రకు ఐదు నెలలుగా వెళ్తున్నది మాత్రం ఒకటే చీటీ. "జవాబు సరైనదే. స్టెప్పులు రాయలేదు. పెద్ద లెక్కల్లో మార్కులు పోతున్నాయి." మొదట్లో నీలం సిరాతో రాసింది. తర్వాత ఎర్ర సిరా వచ్చింది. ఆ తర్వాత దాని కింద రెండు గీతలు కూడా వచ్చాయి. చైత్ర తల వంచుకుని చదువుకునేది, "సరే మిస్" అనేది, మళ్లీ అలాగే రాసేది.

ఎంత మొండిపిల్లో అనుకుంది వరూధిని. ఒక్కోసారి అంతకన్నా పాడు అనుమానం కూడా వచ్చింది. మొదటి లైనులో "వేగం x అనుకుందాం" అని, రెండో లైనులోనే "గంటకు 50 కి.మీ." అని రాసేస్తే మధ్యలో ఏం జరిగినట్టు? పక్కపిల్ల కాగితం చూసి రాస్తోందా? అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసేది, అయినా అనుకునేది.

జనవరిలో, పబ్లిక్ పరీక్షకు నమూనాగా బడిలో పెట్టిన మొదటి ప్రిపరేటరీ పరీక్షలో చైత్రకు లెక్కల్లో ఎనభైకి నలభైమూడు వచ్చాయి. ఆ ఆదివారం పొద్దున్నే వాళ్ల నాన్న మునిరాజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దగ్గర్లోని ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని అతనిది. నెమ్మదస్తుడు. నెమ్మదస్తులు కోపంగా వస్తే భయం ఎక్కువ.

"మేడం, మీమింద నాకేమీ కోపం లేదు," అంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు. "కాలేజీవాళ్లు ఈ ప్రిపరేటరీ మార్కులు చూసే ముందుగా సీటు రాసుకుంటా ఉండారు. సైన్సు కావాలంటే లెక్కల్లో అరవై ఉండాల అన్నారు. దీనికి నలభైమూడు వచ్చి ఉండాది. ఇంకొక ప్రిపరేటరీ ఉండాది కదా, దాంట్లోనూ ఇట్లే వస్తే కామర్సులో చేర్పిచ్చేస్తాను. సుమ్నే, ఊరికే ఆశ పెట్టుకోని ఏం లాభం?"

చైత్ర గోడకానుకుని నిలబడి చున్నీ అంచు నోట్లో పెట్టుకుంది. ఆ పిల్లకు సైన్సంటే ప్రాణం. వరూధిని ఆ ముఖం చూసి తండ్రివైపు తిరిగింది.

"తెలివి ఉందండీ మీ అమ్మాయికి. స్టెప్పులే రాయదు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది," అంది. చెప్పాక, అది చాడీలా ఉందని తనకే తోచింది.

మునిరాజు వెంట తెచ్చిన ప్రిపరేటరీ జవాబు పుస్తకం తిరగేస్తున్నాడు. అతను చదువుకున్నది కన్నడంలో, అదీ ఏడో తరగతిదాకా. లెక్కలు అర్థమై కాదు, చేతులకు పని కావాలి గనక తిప్పుతున్నాడు. చివరికి వచ్చి ఆగాడు.

"ఈ వెనకాల మూడు పేజీలు నిండా రాసి కొట్టేసి ఉండాదే, ఇదేంది మేడం? దీనికి మార్కులు ఇయ్యరా?"

"అది రఫ్ అండీ. కొట్టేసింది ఎవరూ దిద్దరు," అంటూ వరూధిని యథాలాపంగా పుస్తకం అందుకుంది. అందుకుని, అలాగే ఉండిపోయింది.

ముందు పేజీలో రెండే లైన్లున్న రైలు లెక్క ఇక్కడ పూర్తిగా ఉంది. మూడు వందల కిలోమీటర్లు, వేగం పది పెరిగితే ఒక గంట తగ్గుతుంది. రెండు సమయాలు, వాటి తేడా ఒకటి అని సమీకరణం, దాన్నుంచి x² + 10x – 3000 = 0, కారణాంకాలు, –60 కుదరదు గనక 50. ఒక్క మెట్టు తప్పిపోలేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. వాటిమీద ఈ మూలనుంచి ఆ మూలకు ఒక పెద్ద అడ్డగీత.

"చైత్రా, ఇదంతా ఇక్కడెందుకు చేశావ్?"

"రఫ్ కదా మిస్. నాలుగో క్లాసులో మిస్సు చెప్పినారు, ముందర పేజీలో గీతలుంటే మార్కులు కట్ అని. వెనకాల చేసి కొట్టేసి, ఆన్సర్ మాత్రం ముందర ఫెయిర్‌గా రాయాలంట."

"మరి స్టెప్పులు రాయమని నేను అన్నిసార్లు రాస్తే?"

"రాసినా కదా మిస్!" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు రాసినప్పుడంతా వెనకాల ఇంకా ఎక్కువ రాసినా. ట్యూషన్ టెస్టుల్లో రఫ్ షీట్లు మీకు ఇచ్చేది లేదని బ్యాగులో పెట్టుకుంటా ఉండా."

హతవిధీ! ఎర్ర సిరా ముదిరినకొద్దీ వెనక పేజీలు నిండాయన్నమాట. వరూధినికి తల కొట్టేసినట్టయింది. ఐదు నెలల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఏదీ, నా ముందు చెయ్యి చూద్దాం" అని ఉంటే సరిపోయేది. అది మాత్రం అడగలేదు. పైగా పక్కపిల్లను చూసి రాస్తోందని కూడా అనుకుంది, మహాతల్లి.

సిగ్గు వెనకాలే సంతోషం తన్నుకొచ్చింది. పెన్సిలు తీసుకుని ఆ మూడు పేజీలకూ వరసగా మార్కులు వేసుకుంటూ పోయింది. మునిరాజు కుర్చీలో ముందుకు జరిగాడు.

"పందొమ్మిది," అంది చివరికి. "పందొమ్మిది మార్కులు ఇక్కడ అడ్డగీత కింద పడున్నాయండీ. ఇవి ముందు ఉంటే అరవైరెండు."

"అంటే మా పాపకు వస్తాదా లెక్క?"

"వస్తుందా ఏమిటి, నాకన్నా బాగా వస్తుంది!"

అక్కడే ఇంగ్లీషులో కొత్త చీటీ రాసింది. మునిరాజు కోసం తెలుగులో పైకి చదివింది కూడా.

"చైత్రా, నువ్వు స్టెప్పులు రాయడం లేదని ఇన్నాళ్లూ రాశాను. అది నా పొరపాటు. నువ్వు అన్నీ చేస్తున్నావు, దిద్దేవాళ్లకు కనిపించని చోట చేస్తున్నావు. రైలు లెక్కకు నాలుగు మార్కులు. x అనుకున్నందుకు అర, రెండు సమయాలకు అర, సమీకరణానికి ఒకటి, దాన్ని సర్దినందుకు అర, కారణాంకాలకు ఒకటి, జవాబుకు అర. నువ్వు ముందు రాసింది మొదటిదీ చివరిదీ, అందుకే ఒక్క మార్కు. ఇకపై వెనక చేసేదంతా ముందు పేజీలో, లెక్క నంబరు కిందే చెయ్యి. ఒక మెట్టుకు ఒక లైను. గుణకారాల గీకుడు మార్జిన్‌లో. తప్పు పోతే ఒక్క గీత కొట్టి కింద మళ్లీ రాయి. గీత ఉన్నంతమాత్రాన ఎవరూ మార్కు కోయరు."

"గీతలున్నా కోయరా మిస్?" అని రెండుసార్లు అడిగింది చైత్ర. ఏళ్లనాటి భయం అది, ఒక చీటీతో పోతుందా? తర్వాతి మూడు వారాలూ ఆ పిల్ల చెయ్యి తనంతట తనే చివరి పేజీకి పోయేది. వరూధిని ఊరుకుందా! వెనక పేజీలన్నీ కలిపి క్లిప్పులు పెట్టేసింది. చైత్ర మూతి ముడుచుకుని, ముందు పేజీలోనే కొట్టివేతలతో సహా చేయడం నేర్చుకుంది.

రెండో ప్రిపరేటరీ కాగితాలు ఇచ్చిన రోజు సాయంత్రం తండ్రీకూతుళ్లిద్దరూ వచ్చారు. మునిరాజు షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చాడు. చైత్ర ముఖం ముడుచుకుని ఉంది.

"లాస్ట్ సమ్ తప్పు పోయింది మిస్. ఐదు మార్కులది. చివర్లో గుణకారం తప్పు చేసినా."

వరూధిని గబగబా పేజీలు తిప్పింది. ఆ లెక్క దగ్గర తప్పు జవాబు చుట్టూ ఎర్రటి సున్నా ఉంది. పక్కన ఒక్కో లైనుకూ టిక్కులు ఉన్నాయి. ఐదుకు నాలుగు. మొదటి పేజీకి వచ్చి మొత్తం చూసింది. అరవై ఎనిమిది.

"అమ్మయ్య!" అని గట్టిగానే అనేసింది.

"అది కాదు మేడం," మునిరాజు తల గోక్కున్నాడు, "కరెక్టుగా చేసినప్పుడు ఒక మార్కు ఇచ్చినారు. ఇప్పుడు తప్పు చేస్తే నాలుగు ఇచ్చి ఉండారే! ఇదెక్కడి న్యాయం?"

వరూధినికి నవ్వాగలేదు. చైత్ర కూడా నవ్వబోయి, ఆగి, తండ్రివైపు చూసింది. ఆ పిల్లకు ఇంకా తెలియాల్సింది ఒకటుంది.

"అప్పా, మరి సైన్సు?"

"అరవై అడిగితే అరవై ఎనిమిది తెచ్చినావు, ఇంక నన్ను అడిగేదేముండాది?" అన్నాడు మునిరాజు. "రేపు లీవు పెట్టినా. కాలేజీకి పోయి ఫారం తెచ్చుకుందాం."

చైత్ర అక్కడే గచ్చుమీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరుమంది. మునిరాజు కంగారుపడి పక్కన కూర్చున్నాడు. "సైన్సే అంటా ఉండాను కదా తల్లీ, ఎందుకట్లా ఏడుస్తావు?" అని ఆ పిల్ల తల నిమురుతూ, తనూ కళ్లు తుడుచుకున్నాడు.