ఆరించుల బేరింగు

తొర్రూరులో ట్రాక్టర్ సామాన్ల దుకాణం పెట్టుకున్నంత మాత్రాన లోకంలో ప్రతి సంగతీ తనకు తెలుసని వెంకట్రాజం నమ్మకం. తెలియని చోట గొంతు ఇంకా పెద్దదయ్యేది. బామ్మర్ది బాలరాజు వర్ధన్నపేటలో పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే రెండు గదులు కట్టుకుంటుంటే, పిలవకుండానే వచ్చి పెద్దరికం నెత్తినేసుకున్నాడు. బాలరాజుకు అక్క మొగుడంటే వణుకు. బాలరాజు భార్య వినోదకు మాత్రం ఆ మనిషిని చూస్తేనే ఒళ్లు మండేది.

మొదట, పునాది మీద గోడలన్నిటినీ చుట్టి పట్టుకునే ప్లింత్ బీమును గుమ్మం దగ్గర తెంపమన్నాడు. గడప నేలకు ఆనాలట! "నడుముకున్న మొల్తాడు తెంపుతరా అన్నా?" అని వినోద అడ్డం పడింది.

తర్వాత వాస్తు పట్టుకున్నాడు. తూర్పు కిటికీని నాలుగించులు ఉత్తరానికి జరిపించాడు. అప్పటికే మేస్త్రీ యాదగిరి, కిటికీ మీద గోడ బరువు మోసే లింటెల్‌కూ, దానితో కలిపి బయటికి రెండడుగులు వచ్చే సజ్జకూ చెక్కలు కొట్టి, సలాకలు కట్టాడు. రెండు కొసలూ గోడ మీద ఆరేసి ఇంచులు కూర్చోవాల్సింది, ఉత్తరం కొసకు రెండించులే మిగిలాయి.

"అన్నా, ఈ పక్క ఆరించుల బేరింగు కావాలె," అన్నాడు యాదగిరి.

"గంతేనా? ఫికర్ జెయ్యకు. రేపు తెస్త."

మర్నాడు బండి దిగి, నూనె కాగితంలో చుట్టిన పొట్లం వినోద చేతిలో పెట్టాడు. విప్పితే ట్రాక్టర్ చక్రానికి వేసే గుండ్ల బేరింగు! "అసలు సరుకు. సిమెంట్ల పెట్టి పొయ్యుండ్రి."

యాదగిరి అటు తిరిగి దగ్గాడు. వినోదకు నవ్వు రాలేదు, కంపరం పుట్టింది. ఈ మహామేధావి మాట మీదా తన ఇల్లు నిలబడేది!

"బేరింగంటే లింటెలు గోడ మీద కూసునే జాగ, అన్నా. చెక్కల పెట్టె పొడుగు జెయ్యాలె."

"తెల్సులే! రెండించులు సాలు. ఇయ్యాల పొయ్యుండ్రి, ఎల్లుండి చెక్కలిప్పుండ్రి. నా షెడ్డుకు గావాలె."

"పైన గోడ బరువు పడకముందే చెక్కలిప్పితే సజ్జ బయటికి తిరగబడ్తది. అండ్ల ఒక కొస రెండించుల మీద! కింద మా బిడ్డ మహిత ఆడుకుంటది."

వెంకట్రాజం మొహం ఎర్రబడింది. "ఆడోళ్లతోని నాకేం మాట? బాలరాజు, పోస్తవా లేదా? లేకపోతే గృహప్రవేశానికి మీ అక్కను పంప."

బాలరాజు నేల చూశాడు. "వినోదా, జర ఊకో. ఆయన చెప్పినట్టే కానీ."

వినోద మొగుణ్ని తేరిపార చూసింది. ఇంతసేపూ వెంకట్రాజం మీదున్న రోత అంతా ఆ చూపులోకి దిగింది.

"ఆయనకు తెల్వక అంటాండు. నువ్వు తెల్సి అంటానవ్," అంది. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "యాదగిరన్నా, పెట్టె ఇప్పు."

వెంకట్రాజం బండెక్కాడు. బాలరాజు బతిమాలుతూ వెనక కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి, "నేనేమన్న పట్టాల్నా?" అని అడిగాడు.

పొడుగు చేసిన పెట్టెలో, కొత్త సలాకల మీద కాంక్రీటు అప్పటికే పోశారు. రెండు కొసలూ నిండుగా గోడ మీద కూర్చున్నాయి. పారలు కడుగుతున్న వినోద తల ఎత్తలేదు.

"అవసరం లేదు," అంది.